అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బోర్డులు, మెట్లు: పెద్దవాళ్ళకు కనబడాలంటే ఏం చేయాలి?

బెజవాడ_రవి (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో రెండు బ్లాకుల అపార్ట్‌మెంట్. ఐదంతస్తులు, కింద సెల్లార్ పార్కింగ్. పోయిన నెల మా నాన్నగారు (76 ఏళ్ళు) మధ్యాహ్నం పూట బయటి నుంచి వచ్చి సెల్లార్‌లోకి మెట్లు దిగుతూ, ఇంకో మెట్టు మిగిలి ఉండగానే నేల వచ్చేసిందనుకుని కాలు వేశారు. పడిపోయి మణికట్టు ఎముక చిట్లింది. అంతకు వారం ముందే ఎ బ్లాక్ అనుకుని బి బ్లాక్ లిఫ్ట్ ఎక్కి, మూడో అంతస్తులో వేరేవాళ్ళ తలుపుకి మా తాళంచెవి పెట్టి తిప్పుతూ నిలబడ్డారు. మతిమరుపు మొదలైందేమోనని ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం. డాక్టరుగారు పరీక్షలు చేసి జ్ఞాపకశక్తికి ఏమీ లేదన్నారు.

తర్వాత నేనే వెళ్ళి ఆయన నిలబడ్డ చోట నిలబడి చూశాను. రెండు లిఫ్టులూ ఒకేలా ఉన్నాయి. బ్లాక్ పేరున్న బోర్డు లిఫ్టు తలుపు పైన, స్తంభం చాటున ఉంది. మెట్లు నల్ల గ్రానైట్, నేల కూడా ముదురు బూడిదే.

అసోసియేషన్ వాళ్ళు కొత్త బోర్డులకు 40 వేలు ఇస్తామన్నారు. మాకు చూపించిన నమూనా మెరిసే నీలం అక్రిలిక్ మీద బంగారు రంగు అక్షరాలు. మాలో 65 దాటినవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. అక్షరం ఎంత సైజు ఉండాలి? మెట్లకు ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కిరణ్9 (ఆదివారం, రాత్రి 9:42)

అన్నా, ముందు నాన్నగారికి కళ్ళజోడు మార్పించు. మా తాతయ్యకీ ఇలాగే అయితే శుక్లాల ఆపరేషన్ చేయించాం, సరిపోయింది. ఇప్పుడు పేపర్ కూడా చదువుతున్నారు. ఆరోగ్య బీమాలో వస్తుంది, మూడేళ్ళు దాటిన పాలసీ అయితే ఇబ్బంది ఉండదు. పాలసీ ఎప్పుడు తీసుకున్నారు?

బెజవాడ_రవి (ఆదివారం, రాత్రి 9:50)

కిరణ్ గారూ, రెండు కళ్ళకూ నాలుగేళ్ళ కిందటే ఆపరేషన్ అయింది. నేను అడిగేది బోర్డుల గురించి.

బోర్డుల_బాషా (ఆదివారం, రాత్రి 10:15)

మాది గుంటూరు, ఇరవై రెండేళ్ళుగా బోర్డుల పనిలో ఉన్నాను. ఈ లైన్‌లో అందరం వాడే లెక్క ఒకటుంది. పాతిక అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. మీ సెల్లార్‌లో ఇరవై అడుగులకు మించి దూరం ఉండదు కాబట్టి అంగుళం అక్షరం చాలు. పెద్దవాళ్ళు కాబట్టి అంగుళంన్నర పెట్టండి, ఇక తిరుగుండదు. ఎరుపు రంగు వేస్తే ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మెట్లకు రేడియం స్టిక్కర్ అంటించండి, రాత్రిపూట మెరుస్తుంది. అన్నీ కలిపినా 40 వేలు అవ్వవు.

కంటి_పరీక్ష (సోమవారం, ఉదయం 7:05)

నేను కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుని, రోజూ యాభై అరవై మందికి చూపు పరీక్ష చేస్తాను. బాషా గారి లెక్క తప్పని అనను. కానీ అది ఎవరి కంటికి సరిపోతుందో చూద్దాం.

మేము గోడకు పెట్టే చార్టులో 6/6 లైన్, అంటే మామూలు చూపున్నవాళ్ళు చదివే లైన్, దాని అక్షరం ఆరు మీటర్ల దూరంలో నిలబడ్డవాళ్ళకు దాదాపు 9 మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలు కన్ను పద్దెనిమిది మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల దగ్గరకు వస్తే గానీ చదవలేకపోవడాన్ని 6/18 చూపు అంటాం. ఆ చూపు ఉన్న పెద్దాయనకు దానికి మూడింతలు, అంటే 27 మిల్లీమీటర్లు కావాలి. అది కూడా పరీక్ష గదిలో, మంచి వెలుతురులో, తెల్లటి దాని మీద నల్లటి అక్షరం అయితే. అదీ కళ్ళు చికిలించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివే సైజు. నడుస్తూ నడుస్తూ తల తిప్పి చూసి చదవాలంటే దానికి కనీసం రెట్టింపు ఉండాలి. అంటే 54 మిల్లీమీటర్లు. పాతిక అడుగులకు అంగుళం అంటే దాదాపు 6/14 చూపున్న మనిషి కష్టపడి చదివే సైజు. కుర్రవాళ్ళకు అది చాలా పెద్దగా కనబడుతుంది కాబట్టి అందరికీ సరిపోతుందనుకుంటాం.

ఇక ఆ లెక్క ఇంగ్లీషు పెద్దక్షరాలను చూసి పుట్టింది. తెలుగులో వత్తు ఉంది. వత్తు అసలు అక్షరంలో సగం సైజులో కింద కూర్చుంటుంది. 'బ్లాక్' అని రాస్తే ఆ ల వత్తు కనబడకపోతే అది 'బాక్'. చదవాల్సిన అతి చిన్న భాగాన్ని బట్టి సైజు నిర్ణయించాలి కాబట్టి తెలుగు అక్షరం 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉండాలని నా అభిప్రాయం.

సైజు కంటే ముందు చూడాల్సింది మాత్రం ఆ నీలం, బంగారం. మెరిసే అక్రిలిక్ మీద పైనున్న ట్యూబ్‌లైట్ ప్రతిబింబం తెల్లగా పడుతుంది. వయసు పైబడిన కంట్లో వెలుతురు చెల్లాచెదురవుతుంది, అందుకని ఆ మెరుపు బోర్డు మొత్తాన్నీ పలచటి పొరలాగా కప్పేస్తుంది. బంగారు అక్షరం ఒక కోణంలో పసుపుగా, ఇంకో కోణంలో గోధుమ రంగుగా కనబడుతుంది. పక్కకు రెండడుగులు వేస్తే అక్షరం మాయమవుతుంది. నమూనా మీ దగ్గరే ఉంది కదా, ఫోనుతో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడండి. అక్షరం, వెనకాల రంగు రెండూ ఒకే బూడిద రంగులోకి వస్తే ఆ జత పనికిరాదు.

బోర్డుల_బాషా (సోమవారం, ఉదయం 8:20)

మేడమ్, ఫొటో సంగతి నాకు తెలియదు. ఇప్పుడే షాపులో ఉన్న ఎరుపు మీద నలుపు నమూనాకు తీసి చూశాను. అక్షరమే లేదు! ఇన్నేళ్ళుగా ఆ జత ఎన్ని దుకాణాలకు చేసి ఇచ్చానో. ఎరుపు బాగా కనబడుతుందని చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను. బంగారం మాత్రం మేము చెప్పి పెట్టించేది కాదండీ. రిచ్‌గా ఉంటుందని కస్టమరే అడుగుతారు.

మాస్టారు_రాజమండ్రి (సోమవారం, ఉదయం 10:30)

నాకు 74. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను. ఒక మాట చెబుతాను, పిల్లలు అర్థం చేసుకోవాలి. పెద్దవాళ్ళకు కనబడటం లేదంటే అక్షరం చిన్నదని అనుకుంటారు. నాకు చీకట్లో కంటే ఎండలోంచి లోపలికి వచ్చినప్పుడే ఎక్కువ ఇబ్బంది. బ్యాంకు లోపలికి అడుగు పెడితే ఒక నిమిషం పాటు ఏమీ తెలియదు. తలుపు దగ్గరే గోడ పట్టుకుని నిలబడతాను. వెనక వచ్చేవాళ్ళు "జరగండి తాతగారూ" అంటారు. రవి గారి నాన్నగారు పడింది మధ్యాహ్నం అన్నారు. నాకైతే అందులో ఆశ్చర్యం లేదు.

అక్షరాల మాటకొస్తే, లావు అక్షరాలు మంచివని కొందరి భ్రమ. మరీ లావు చేస్తే థ, ధ రెండూ ఒకటే అవుతాయి. థ కడుపులో చుక్క మూసుకుపోతుంది. ప, ఫ తేడా కూడా అంతే. అంకెల్లో 3, 8 చూసుకోండి. 3 నోరు బాగా తెరిచి ఉండే అక్షరరూపం ఎంచుకోవాలి, లేకపోతే 301 కాస్తా 801 అవుతుంది.

కంటి_పరీక్ష (సోమవారం, మధ్యాహ్నం 1:40)

మాస్టారూ, మీరు చెప్పిందే అసలు విషయం. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, చీకట్లో కూడా పెద్దగా విచ్చుకోదు. సొంత కటకం పసుపు రంగుకి తిరుగుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడి కంటి లోపలికి వెళ్ళే వెలుతురులో మూడో వంతే అరవై ఏళ్ళ మనిషి కంట్లోకి వెళ్తుంది. దానికి తోడు ఎండ నుంచి నీడకు అలవాటు పడటానికి ఎక్కువ సేపు పడుతుంది. ఆపరేషన్ చేసి కొత్త లెన్స్ పెడితే పసుపు పోతుంది, చిన్న కంటిపాప మాత్రం అలాగే ఉంటుంది.

రవి గారూ, మీ సెల్లార్‌లో పగలు లైట్లు ఆపుతారా?

బెజవాడ_రవి (సోమవారం, మధ్యాహ్నం 2:15)

ఆపుతారండీ. కరెంటు బిల్లు కోసం ఉదయం ఏడింటికి వాచ్‌మన్ ఆపేస్తాడు. మెట్ల దగ్గర ఒక్కటే సెన్సార్ లైటు. ఇప్పుడే ఫోన్లో టైమ్ పెట్టి చూశాను, 30 సెకన్లకు ఆరిపోతోంది. నాన్నగారు రెయిలింగ్ పట్టుకుని దిగడానికి 45 సెకన్లు పట్టింది. అంటే కింది మూడు మెట్లూ చీకట్లోనే దిగుతున్నారు.

కంటి_పరీక్ష (సోమవారం, మధ్యాహ్నం 2:30)

అదే. సెల్లార్ మెట్ల దగ్గర రాత్రి కంటే మిట్టమధ్యాహ్నమే ఎక్కువ లైటు కావాలి. రాత్రి బయటా చీకటే కాబట్టి కన్ను అప్పటికే సర్దుకుని ఉంటుంది. మొదటి మెట్టు పైన, దిగే దారి మధ్యలో, కింద లైట్లు పెట్టి పగలు వెలిగేలా చూడండి. బల్బు నేరుగా కంట్లో కొట్టకుండా పైన గాజు కప్పు ఉన్నవి తీసుకోండి. సెన్సార్ తీసేయలేకపోతే కనీసం రెండు నిమిషాలకు మార్పించండి. చాలా సెన్సార్లకు వెనకాల చిన్న స్క్రూ ఉంటుంది, ఎలక్ట్రీషియన్ ఐదు నిమిషాల్లో తిప్పేస్తాడు.

ఇంకోటి అడగాలి. నాన్నగారి కళ్ళజోడు దగ్గర, దూరం రెండూ ఉన్నదా?

బెజవాడ_రవి (సోమవారం, మధ్యాహ్నం 2:38)

అవును, ప్రోగ్రెసివ్. పడటానికి రెండు నెలల ముందే కొత్తది చేయించాం.

కంటి_పరీక్ష (సోమవారం, మధ్యాహ్నం 2:55)

ఆ అద్దం కింది భాగం చదువుకోవడానికి, జానెడు మూరెడు దూరానికి. మెట్టు ఐదడుగుల కింద ఉంటుంది. కళ్ళు కిందికి దించి చూస్తే మెట్టు అంచు మసకబారిపోతుంది. మెట్లు దిగేటప్పుడు గడ్డం కిందికి దించి, అద్దం పైభాగంలోంచి చూడమనండి. రోజూ బయట బాగా తిరిగేవాళ్ళకు నడకకు వేరే జత, దూరం మాత్రమే ఉన్నది, రాస్తాం. ఎప్పుడో ఒకసారి బయటికి వెళ్ళేవాళ్ళకు రెండు జతలు మార్చుకోవడమే కొత్త ఇబ్బంది కావచ్చు, వాళ్ళకు అంతగా సలహా ఇవ్వం. కిరణ్ గారు కళ్ళజోడు అన్నారు కదా, ఆయన మాటలో కొంత నిజం ఉంది.

శైలజ_కె (సోమవారం, సాయంత్రం 6:10)

మా అమ్మ సంగతి కూడా ఇక్కడే చెప్పొచ్చా? బోర్డులు కావు, కాలింగ్ బెల్. మా ఇంట్లో పిచ్చుక కూసినట్టుండే బెల్. అమ్మకు 71. హాల్లో కూర్చున్నా వినబడదు. కానీ పక్కింటి వాళ్ళ గిన్నె కింద పడితే "ఏంటా చప్పుడు" అంటుంది. మా వదినేమో "అత్తయ్య వినాలనుకున్నవే వింటుంది" అని అంటుంది. అమ్మ చాలా బాధపడింది. మాట్లాడేటప్పుడు నేను గట్టిగా అరిస్తే "అరవకు, అర్థమయ్యేలా చెప్పు" అంటుంది. ఇదేం వినికిడో అర్థం కావడం లేదు.

న్యూజెర్సీ_లక్ష్మి (సోమవారం, రాత్రి 8:45)

శైలజా, మీ అమ్మగారు నిజమే చెబుతున్నారు. నేను ఇక్కడ ఆడియాలజీ క్లినిక్‌లో పని చేస్తున్నాను. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాలను తీసుకెళ్తుంది. పిచ్చుక బెల్ మూడు నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర కూస్తుంది. గిన్నె పడిన చప్పుడులో మోటు శబ్దాలు కూడా ఉంటాయి, అవి బాగానే వినబడతాయి. మాటల్లో కూడా అచ్చులు మోటుగా, బలంగా ఉంటాయి. స, శ, చ, త, ఫ లాంటి హల్లులు సన్నగా, బలహీనంగా ఉంటాయి. 'చాలు', 'సాలు', 'తాలు' మూడూ అమ్మగారికి 'ఆలు' లాగా వస్తాయి. మీరు అరిస్తే పెరిగేది ఆ 'ఆ' ఒక్కటే. పైగా చెవి పాడైనవాళ్ళకు చిన్న శబ్దం వినబడదు కానీ పెద్ద శబ్దం మామూలు వాళ్ళంత గట్టిగానూ తగులుతుంది. అందుకే అరవొద్దంటారు. ముఖం కనబడేలా ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పండి.

బెల్ మార్చేయండి. పాతకాలం డింగ్‌డాంగ్, లోపల ఇనుప రేకుని కొట్టేది, చాలా నయం. ఇక్కడ అమెరికాలో పొగ అలారాలకు కూడా ఇదే సమస్య వచ్చింది. మామూలు అలారం మూడు వేల హెర్ట్జ్ చుట్టూ కీచుమంటుంది. వినికిడి తగ్గినవాళ్ళు నిద్రలో లేవరు. అందుకే హోటల్ గదుల్లాంటి చోట పడుకునే గదులకు 520 హెర్ట్జ్ మోటు శబ్దం ఉండాలని నిబంధన పెట్టారు. ఒకసారి వింటే ఓడ బూర లాగా ఉంటుంది.

రవి గారూ, మీ లిఫ్టు ఎలా పిలుస్తుంది?

బెజవాడ_రవి (సోమవారం, రాత్రి 9:20)

సన్నగా 'టింగ్' అంటుంది. లోపల ఒక అమ్మాయి గొంతు ఇంగ్లీషులో అంతస్తు చెబుతుంది. ఫ్యాను శబ్దంలో నాకే సరిగా వినబడదు. నాన్నగారిని అడిగితే "లిఫ్టు మాట్లాడుతుందా?" అన్నారు.

మాస్టారు_రాజమండ్రి (మంగళవారం, ఉదయం 6:40)

లిఫ్టు మీట గురించి కూడా రాయండి. మా అమ్మాయి వాళ్ళ ఇంట్లో వేలు తాకితే చాలు వెలిగే అద్దం పలక పెట్టారు. అందులో మీట ఎక్కడుందో వేలికి తెలియదు. నొక్కానో లేదో తెలియదు. నా వేళ్ళు పొడిబారి ఉంటాయి, రెండు మూడుసార్లు నొక్కితే గానీ పట్టుకోదు. ఈలోపు తలుపు మూసుకుంటుంది. పాత లిఫ్టులో 'టక్' మని లోపలికి వెళ్ళే మీట ఉండేది. అది ఎందుకు తీసేశారో నాకు అర్థం కాదు.

బోర్డుల_బాషా (మంగళవారం, ఉదయం 9:00)

రవి గారూ, బోర్డు సంగతి మళ్ళీ ఆలోచించాను. ఏసీపీ అనే అల్యూమినియం రేకుల షీట్ మీద మ్యాట్ వినైల్ కటింగ్ చేస్తే మెరుపు ఉండదు. ముదురు నీలం వెనకాల, తెల్ల అక్షరం. అక్రిలిక్ కంటే ధర కూడా తక్కువే. లోపల లైటు పెట్టే బోర్డు వద్దు, రాత్రి అక్షరం చుట్టూ వెలుగు చిమ్మి ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. బ్లాకులకు రంగులు కూడా ఇద్దామా? ఎ బ్లాకుకు ఆకుపచ్చ, బి బ్లాకుకు నీలం?

కంటి_పరీక్ష (మంగళవారం, ఉదయం 9:35)

మ్యాట్ వినైల్ చాలా మంచి మాట. రంగుల జత మాత్రం మార్చండి. పసుపెక్కిన కటకం నీలాన్ని మింగేస్తుంది. అప్పుడు నీలం, ఆకుపచ్చ దాదాపు ఒకటేలా కనబడతాయి, ముదురు నీలం నలుపులా ఉంటుంది. ఒకటి లేత పసుపు, ఇంకోటి ముదురు నీలం పెట్టండి. రంగు తెలియకపోయినా ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా ఉన్నట్టు తెలుస్తుంది. లిఫ్టు తలుపు చుట్టూ గోడకు కూడా అదే రంగు వేస్తే, బోర్డు చదవకముందే ఇది మా బ్లాక్ అని తెలిసిపోతుంది.

బోర్డుని లిఫ్టు పైనుంచి దించేయండి. మెడ పట్టేసినవాళ్ళు తలెత్తి చూడలేరు. బోర్డు మధ్య భాగం నేల నుంచి నాలుగున్నర, ఐదడుగుల ఎత్తులో ఉంటే మంచిది. ముందు కారు నిలబడితే కప్పేస్తుంది కాబట్టి స్తంభాల మీద కూడా ఒకటి పైన వేయండి, అది దూరం నుంచి చూడటానికి.

బోర్డుల_బాషా (మంగళవారం, ఉదయం 9:50)

నీలం గురించి మీరు చెప్పింది నేను ఒప్పుకోను మేడమ్. మా అమ్మకు ఆపరేషన్ అయ్యాక నీలం చీర చూసి "ఇంత మెరుపా" అంది. ఆపరేషన్ అయినవాళ్ళకు నీలమే బాగా కనబడుతుంది కదా?

కంటి_పరీక్ష (మంగళవారం, ఉదయం 10:10)

అమ్మగారు చెప్పింది నిజం. కానీ పాతికమందిలో ఆపరేషన్ అయినవాళ్ళు ఎందరు, కానివాళ్ళు ఎందరు? ఇద్దరికీ పనిచేసేది వెలుగు, ముదురుల తేడా. నీలం ఉంచండి, కానీ నీలాన్ని గుర్తుపడితేనే దారి తెలిసేలా పెట్టకండి.

బెజవాడ_రవి (ఆదివారం, సాయంత్రం 5:30)

వారం తర్వాత రాస్తున్నాను. 'ఎ బ్లాక్' అని కాగితాల మీద 40, 60, 90 మిల్లీమీటర్ల సైజుల్లో ప్రింట్ తీసి, అక్రిలిక్ నమూనాతో పాటు లిఫ్టు పక్కన గోడకు అంటించాను. ఎండలోంచి దిగగానే ఆరు మీటర్ల దగ్గర ఆగి చదవమని నాన్నగారినీ, ఇంకో ఐదుగురు పెద్దవాళ్ళనీ అడిగాను. పగలు లైట్లు ఆర్పి ఉన్నప్పుడు 40 ఎవరూ చదవలేదు, 60 ఇద్దరు చదివారు, 90 ఐదుగురు. లైట్లు వేశాక 60 కూడా ఐదుగురు చదివారు. బంగారు అక్షరాలు 90 సైజువే అయినా ముగ్గురు పక్కకు జరిగి, తల వంచి చూడాల్సి వచ్చింది. ఒక పిన్నిగారు ఏ సైజూ చదవలేదు. ఆవిడకు మధుమేహం వల్ల కంటి వెనక రెటీనా దెబ్బతింది. పసుపు చార్టు గోడకు పెడితే మాత్రం "అది మాది" అన్నారు.

మెట్లకు బాషా గారు చెప్పిన రేడియం స్టిక్కర్ ముందు ఒకటి వేసి చూశాం. టార్చ్ వేస్తే తళుక్కుమంటుంది, లైటు పైనుంచి పడితే బూడిద రంగే.

బోర్డుల_బాషా (ఆదివారం, సాయంత్రం 6:05)

అవునండీ. రేడియం వచ్చిన వెలుతురుని వచ్చిన వైపే తిప్పి పంపుతుంది. బండి హెడ్‌లైట్ మన కంటికి దగ్గరలో ఉంటుంది కాబట్టి రోడ్డు మీద పనికొస్తుంది. మెట్ల మీద నేను అలా ఆలోచించలేదు. పసుపు యాంటీ స్కిడ్ టేప్, 50 మిల్లీమీటర్ల వెడల్పుది వేద్దాం.

న్యూజెర్సీ_లక్ష్మి (ఆదివారం, రాత్రి 8:20)

టేప్ సరిగ్గా అంచు మీదే వేయించండి. ఇక్కడ మా గుడి మెట్లకు అంచు నుంచి మూడంగుళాలు వెనక్కి వేశారు. పైనుంచి చూస్తే ఆ గీతే అంచు అనిపిస్తుంది. అంచుని ఒక చోట ఊహించుకుని కాలు ఇంకో చోట వేస్తారు. గీత లేకపోవడం కంటే అది ఎక్కువ ప్రమాదం. ఆఖరి మెట్టుకు కూడా వేయండి, రెయిలింగ్ ఆఖరి మెట్టు దాటి ఒక అడుగు ముందుకు సాగాలి. అప్పుడు చేతికి రెయిలింగ్ అయిపోయేసరికి మెట్లు కూడా అయిపోయి ఉంటాయి.

బెజవాడ_రవి (ఆదివారం, రాత్రి 8:50)

మా రెయిలింగ్ ఆఖరి మెట్టుకు ముందే ఆగిపోయింది, లక్ష్మి గారూ. నాన్నగారు సరిగ్గా అక్కడే పడ్డారు. చెయ్యి ఖాళీ అవగానే నేల వచ్చిందనుకున్నానని ఆరోజే చెప్పారు, నేను పట్టించుకోలేదు. రేపే వెల్డింగ్ అతన్ని పిలుస్తాను.

లిఫ్టు గొంతు సంగతి తేలలేదు. సర్వీసు వాళ్ళు శబ్దం పెంచగలం కానీ గొంతు మార్చలేమంటున్నారు. ఎవరైనా మార్పించారా? పగలు లైట్ల విషయంలో అసోసియేషన్‌లో సగం మంది ఒప్పుకోవడం లేదు, బిల్లు ఎంత పెరుగుతుందో లెక్క తెమ్మన్నారు.

శైలజ_కె (ఆదివారం, రాత్రి 9:15)

డింగ్‌డాంగ్ బెల్ పెట్టించాం. నిన్న పాలవాడు వస్తే అమ్మే వెళ్ళి తలుపు తీసింది. వదినతో ఏమీ అనలేదు.

బోర్డుల_బాషా (ఆదివారం, రాత్రి 9:30)

రవి గారూ, 90 సైజులో రెండు రంగులకూ నమూనాలు కట్ చేసి శనివారం తెస్తాను. ఆరోజు ఖరారు చేయకండి, ముందు గోడకు పెట్టి చూద్దాం. నాన్నగారిని మధ్యాహ్నం పన్నెండింటికి, ఎండలోంచి లోపలికి వచ్చేటట్టు రమ్మనండి.